నాలుగు గేట్లు, ఒక్కో అడుగు

ఇంటర్న్‌గా చేరి మూడో వారం. హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రిక సిటీ డెస్క్. అప్పటిదాకా నా పనంతా ప్రెస్‌నోట్లు తిరగరాయడం, రిపోర్టర్లు పంపిన ఐటమ్స్‌లో అచ్చుతప్పులు దిద్దడం. ఆ రోజు ఆగస్టులో ఒక గురువారం. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. సిటీలో కంటే పైన వికారాబాద్, షాబాద్, చేవెళ్ల వైపు ఇంకా గట్టిగా కురుస్తోందని మా బ్యూరో వాళ్లు చెబుతూనే ఉన్నారు.

రాత్రి ఏడున్నరకు చీఫ్ సబ్ ఎడిటర్ సార్ పిలిచారు. "హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతున్నారట. రిపోర్టర్లంతా నీళ్లొచ్చిన కాలనీల్లో ఉన్నారు. ఇది నువ్వు రాయమ్మా. సింగిల్ కాలమ్. వంద పదాలు దాటొద్దు. పదిన్నరకల్లా నా చేతిలో ఉండాలి" అన్నారు.

వంద పదాలే కదా, అరగంట పని అనుకున్నాను. మూడు గంటలూ పట్టింది. రాయడానికి పట్టిన సమయం అందులో ఇరవై నిమిషాలు కూడా ఉండదు.

మొదట నా చేతికి వచ్చింది ఒక వాట్సాప్ వీడియో. మా కాలనీ గ్రూపులోనే పడింది. వరసగా గేట్లన్నీ తెరిచి ఉన్నాయి, నీళ్లు తెల్లటి నురగతో దూకుతున్నాయి, గట్టు మీద జనం నిలబడి ఫోన్లలో తీసుకుంటున్నారు. కింద రాత: "హిమాయత్‌సాగర్ గేట్లన్నీ ఎత్తేశారు, 5 టీఎంసీలు వదిలారు, మూసీ పక్కన ఉన్నవాళ్లు వెంటనే ఖాళీ చేయండి." ఆ తర్వాత ఎనిమిది గంటలకు జలమండలి ప్రెస్‌నోట్ వచ్చింది. రెండు గేట్లు ఒక అడుగు మేర ఎత్తాం, 680 క్యూసెక్కులు వదులుతున్నాం అని అందులో ఉంది. ఈలోగా అత్తాపూర్ నుంచి ఒకాయన ఆఫీసుకు ఫోన్ చేసి "గండిపేట గేట్లు ఎత్తారంట కదండీ, మాకు ఏమన్నా ఇబ్బందా?" అని అడిగారు.

ఒకే విషయం మీద మూడు మాటలు, మూడూ వేరు. ఏది నమ్మాలో తేల్చుకోకుండానే నేను టైపు చేయడం మొదలుపెట్టాను. నా మొదటి ప్రతి ఇలా ఉంది:

"జంట జలాశయాలకు వరద పోటెత్తింది. హిమాయత్‌సాగర్ నిండుకుండను తలపిస్తోంది. జలాశయంలో 1,763 అడుగుల లోతున నీరు చేరడంతో అధికారులు గేట్లు ఎత్తి భారీగా నీటిని విడుదల చేశారు. మూసీ పరివాహక ప్రాంతాల ప్రజలు భయాందోళనలకు గురవుతున్నారు."

చదువుకుంటే వార్తలాగే ఉంది. రోజూ పేపర్లో చూసే మాటలే. సార్‌కు చూపించాను. ఆయన పెన్ను తీసి నాలుగు చోట్ల గీత గీశారు, ఏమీ దిద్దలేదు. "ఈ నాలుగింటికీ నీ దగ్గర ఏం ఆధారం ఉందో పక్కన రాసుకొని రా" అన్నారు.

మొదటి గీత 'జంట జలాశయాలకు' కింద. జంట జలాశయాలంటే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్. ప్రెస్‌నోట్‌లో హిమాయత్‌సాగర్ పేరొక్కటే ఉంది. ఉస్మాన్‌సాగర్ ఊసే లేదు. ఫోన్ చేసినాయన అడిగిన గండిపేట ఆ ఉస్మాన్‌సాగరే. అది మూసీ మీద ఉంది. హిమాయత్‌సాగర్ ఈసీ మీద ఉంది. రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలుస్తాయి. అక్కడి నుంచి కిందికి అత్తాపూర్, పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్. ఏ చెరువు గేట్లు ఎత్తినా అత్తాపూర్ దాటాక నీళ్లు ఒకటే. కానీ సంగమానికి పైన ఉన్నవాళ్లకు మాత్రం చాలా తేడా. ఆ రాత్రి గండిపేట కింద, మూసీ పక్కన ఉన్నవాళ్లకు ఈ గేట్లతో సంబంధం లేదు. 'జంట జలాశయాలు' అని రాస్తే నేను వాళ్లను కూడా ఊరికే భయపెట్టినట్టే. ఈసీ పేరు నా ప్రతిలో ఎక్కడా లేదని కూడా అప్పుడే చూసుకున్నాను.

రెండో గీత '1,763 అడుగుల లోతున' కింద. ఇది ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ప్రెస్‌నోట్‌లో "ప్రస్తుత నీటిమట్టం 1,763.10 అడుగులు, పూర్తిస్థాయి నీటిమట్టం 1,763.50 అడుగులు" అని ఉంటే దాన్ని లోతు అనుకున్నాను. సార్ ఒకటే అడిగారు: "చార్మినార్ ఎత్తు ఎంతమ్మా?" సుమారు నూట అరవై అడుగులు. అంటే పది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినా మునిగేంత లోతు రాశాను. ఆ అంకె సముద్రమట్టం నుంచి లెక్క. నీటి ఉపరితలం సముద్రమట్టానికి 1,763 అడుగుల ఎత్తున ఉందని అర్థం. ఉస్మాన్‌సాగర్ పూర్తిస్థాయి మట్టం 1,790 అడుగులు. ఆ తేడాను బట్టి అది ఎక్కువ లోతైనదనీ కాదు, కాస్త ఎత్తైన చోట ఉందంతే. పాఠకుడికి పనికొచ్చేది ఆ రెండు అంకెల మధ్య దూరం. నిండడానికి 0.4 అడుగులు, అంటే సుమారు ఐదు అంగుళాలు మిగిలింది.

'నిండుకుండ' అనే మాట కూడా అక్కడే పోయింది. నిండకుండానే గేట్లు ఎందుకు ఎత్తారు అన్న ప్రశ్న వచ్చింది కదా. పైనుంచి ఇంకా వరద వస్తుంటే నిండేదాకా ఆగరు. కాస్త చోటు ఉంచుకొని, వచ్చే నీటిని బట్టి మెల్లగా వదులుతారు. ఒకేసారి పెద్దగా వదలాల్సిన పని రాకుండా చూసుకుంటారు. నాకు ఆ రాత్రి దాకా గేట్లు ఎత్తడమంటే ప్రమాదం వచ్చేసినట్టే. అది ముందుజాగ్రత్త కూడా కావచ్చని తెలిశాక వార్త స్వరమే మారిపోయింది.

మూడో గీత 'భారీగా' కింద. ఇక్కడే లెక్క నేర్చుకున్నాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటిది సెకనుకు ఎంత పారుతోందన్న లెక్క, రెండోది మొత్తం పరిమాణం. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ప్రెస్‌నోట్‌లో ఉన్నది 680. రోజంతా వదిలినా టీఎంసీలో పదిహేడో వంతు. ఇక వాట్సాప్‌లోని 5 టీఎంసీల సంగతి చూస్తే, హిమాయత్‌సాగర్ నిండా నిండితేనే పట్టేది 2.97 టీఎంసీలు. చెరువులో పట్టనంత నీటిని ఒక సాయంత్రంలో వదిలేశారని ఆ మెసేజ్ చెబుతోంది. ఎవరికీ ఫోన్ చేయకుండా, కుర్చీలోంచి లేవకుండా అది తప్పని తేలింది. 'భారీగా' తీసేసి అంకె పెట్టాను. పెద్దదో చిన్నదో పాఠకుడే చూసుకుంటాడు.

నాలుగో గీత 'భయాందోళనలకు గురవుతున్నారు' కింద. నేను మాట్లాడింది ఒక్కరితో. ఆయన భయపడలేదు, అడిగారు. ఆ వాక్యం కొట్టేశాను.

వీడియో సంగతి తేల్చడానికి ఇంకో అరగంట పట్టింది. లెక్క తప్పయినంత మాత్రాన దృశ్యం తప్పని కాదు కదా. నేను దాన్ని మళ్లీ మళ్లీ ఆపి చూశాను. మొదట కనిపించింది వెలుతురు. మబ్బు పట్టినా పట్టపగలు. ప్రెస్‌నోట్ ప్రకారం గేట్లు ఎత్తింది రాత్రి ఏడున్నర దాటాక. రెండోది, గట్టు మీద నిలబడ్డవాళ్లలో సగం మందికి మాస్కులు. ఒకతను మాస్కు గడ్డం కిందికి లాక్కొని ఫోన్‌లో ఎవరికో చూపిస్తున్నాడు. అది చూడగానే ఏ ఏడాదిదో దాదాపు అర్థమైంది. అయినా అనుమానంతో వదలకుండా మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేశాను. గేట్లు స్పష్టంగా కనిపించే ఫ్రేము ఎంచుకోవాలి, జనం మొహాలున్నది వేస్తే ఏవేవో వస్తాయి. రెండో ఫ్రేముకు 2020 అక్టోబరు నాటి అప్‌లోడ్ ఒకటి దొరికింది, ఇదే కోణం, ఇదే మాస్కు మనిషి. ఆ నెలలో సిటీని ముంచిన వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు పదేళ్ల తర్వాత ఎత్తారు. చెరువు అదే, వీడియో నిజమే, కాలమే వేరు.

సార్ ఇక్కడ ఒక మాట అన్నారు. పాతది దొరికింది కాబట్టి పాతదని చెప్పగలం. దొరక్కపోతే మాత్రం కొత్తదని చెప్పలేం. నెట్‌లో లేని పాత వీడియోలు జనం ఫోన్లలో లక్షలున్నాయి. అప్పటి నుంచి వీడియో పంపినవాళ్లను "ఇది మీరు తీశారా, మీకు వచ్చిందా?" అని ముందు అడుగుతున్నాను. ఆ రోజు మా కాలనీ గ్రూపులో పెట్టిన ఆంటీని అడిగితే "మా చెల్లెలు పంపింది" అన్నారు. ఆ చెల్లెలికి ఎవరు పంపారో ఆమెకు గుర్తులేదు.

తొమ్మిదిన్నరకు నా ప్రతి శుభ్రంగా తయారైంది. రెండు గేట్లు, ఒక అడుగు, 680 క్యూసెక్కులు. ఇచ్చేద్దామని లేస్తుంటే తొమ్మిదీ యాభైకి రెండో ప్రెస్‌నోట్ వచ్చింది. "మరో రెండు గేట్లు ఎత్తి, మొత్తం నాలుగు గేట్లను ఒక అడుగు మేర తెరిచి, 3,160 క్యూసెక్కుల నీటిని విడుదల చేస్తున్నాం."

అంకెలు మార్చి ఇచ్చేయొచ్చు. ప్రభుత్వ సంస్థ ఇచ్చిన కాగితం, పేరు పెట్టి రాస్తాం, తప్పైతే వాళ్లదే అని ఎవరైనా అంటారు. కానీ అప్పటికే లెక్కల మీద ఉన్నాను కాబట్టి చెయ్యి ఊరుకోలేదు. మొదటి నోట్‌లో 680ని రెండు గేట్లతో భాగిస్తే గేటుకు 340. రెండో నోట్‌లో 3,160ని నాలుగుతో భాగిస్తే గేటుకు 790. గేట్లు అవే, ఎత్తిన మేరా అదే ఒక అడుగు. రెండు గంటల్లో నీటిమట్టం పెద్దగా మారలేదని రెండో నోట్‌లోనే ఉంది. గేటు కింద నుంచి వచ్చే నీరు రెండింటి మీదే ఆధారపడుతుంది: ఎంత తెరిచారు, వెనుక ఎంత ఎత్తున నీరు నిలిచి ఉంది. రెండూ మారనప్పుడు గేటుకు వచ్చే నీరు రెట్టింపుకు మించి ఎలా పెరుగుతుంది? అయితే ఎత్తిన మేర తప్పు, లేదా క్యూసెక్కులు తప్పు.

ఏది తప్పో కాగితం చెప్పదు. ఒకవేళ గేట్లు నిజంగా అడుగు కంటే ఎక్కువ తెరిచి ఉంటే, 1,360 అని నా అంతట నేను దిద్దేయడం ఇంకా పెద్ద పొరపాటు. కింద ఉన్నవాళ్లకు వరద తక్కువ చేసి చెప్పినట్టవుతుంది. అందుకని రెండు వైపులా అడిగాను. రాజేంద్రనగర్ చూసే మా రిపోర్టర్ అన్న అప్పటికి గట్టు దగ్గరికి చేరుకున్నాడు. "అన్నా, ఎన్ని గేట్లు కనిపిస్తున్నాయి?" అంటే "చీకటిగా ఉంది, లైట్ల వెలుతురులో నాలుగు చోట్ల నీళ్లు దూకుతున్నయ్. ఎంత ఎత్తిన్రో ఇక్కడి నుంచి చెప్పలేను" అన్నాడు. తాను చూడగలిగినంతే చెప్పి, చూడలేనిది చెప్పలేనని అనడం నాకెంతో సాయపడింది. ఆ మాటను నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను.

తర్వాత జలమండలి ఇంజనీర్‌కు ఫోన్. నాలుగుసార్లు చేశాక ఎత్తారు. వెనుక వాన చప్పుడు, ఎవరో అరుస్తున్నారు. అంత పనిలో ఉన్న మనిషిని "అంకె కరెక్టేనా సార్?" అని అడిగితే "కరెక్టే" అనేసి పెట్టేస్తారని ముందే చెప్పారు మా సార్. అందుకే అంకె నేను చెప్పకుండా, ఆయనతో చెప్పించుకోవాలి. "సార్, ఇప్పుడు ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయి?" "నాలుగు." "ఒక్కోటి ఎంత మేర?" "వన్ ఫుట్." "అవుట్‌ఫ్లో ఎంత సార్?" "థర్టీన్ సిక్స్‌టీ." "నోట్‌లో 3,160 అని ఉంది సార్." ఒక్క క్షణం ఆగి, "అయ్యో, టైపింగ్‌లో అటూఇటూ అయింది. పదమూడు వందల అరవై. ఇప్పుడే మార్చి పంపిస్తాం" అన్నారు. నోట్‌బుక్‌లో ఆయన హోదా, పది గంటల ఐదు నిమిషాలు అని సమయం, పక్కనే 1,360 అని రాసి గీత గీశాను. పది నిమిషాల్లో సవరించిన నోట్ వచ్చింది.

ఈ భాగహారం అన్నిచోట్లా పనికిరాదు. రెండు గేట్లు అడుగు, రెండు గేట్లు మూడడుగులు ఎత్తినప్పుడు సగటు తీస్తే ఏమీ తెలియదు. నీటిమట్టం బాగా మారినా అంతే. అది తప్పును పట్టిచ్చే గంట మాత్రమే. సరైన అంకెను మళ్లీ మనిషినే అడగాలి.

చివరికి పదీ ఇరవై ఐదుకు ఇచ్చిన వార్త ఇది:

"ఎగువన కురుస్తున్న వర్షాలతో వరద వస్తుండటంతో హిమాయత్‌సాగర్ నాలుగు గేట్లను జలమండలి అధికారులు గురువారం రాత్రి ఒక అడుగు మేర ఎత్తారు. రాత్రి 10 గంటల సమయానికి 1,360 క్యూసెక్కుల నీరు ఈసీ నదిలోకి వెళ్తోంది. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 1,763.50 అడుగులు కాగా, ప్రస్తుతం 1,763.10 అడుగులు ఉందని అధికారులు తెలిపారు. గేట్ల దిగువన ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డుపై రాకపోకలను పోలీసులు నిలిపివేశారు. ఈసీ, సంగమం తర్వాత మూసీ వెంట ఉన్నవారు నదిలోకి దిగవద్దని కోరారు. గేట్లన్నీ ఎత్తారంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియో 2020 నాటిదని పరిశీలనలో తేలింది."

సర్వీసు రోడ్డు సంగతి ట్రాఫిక్ పోలీసుల మెసేజ్‌లో ఉంది, రిపోర్టర్ అన్న బారికేడ్ ఫొటో కూడా పంపాడు. అందుకే ధైర్యంగా రాశాను. సార్ చదివి, ఒక్క మాటా మార్చకుండా పేజీకి పంపారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పు ఆ తర్వాత జరిగింది. సింగిల్ కాలమ్‌కు హెడ్డింగ్ చిన్నగా ఉండాలి. నేను రాసిన "హిమాయత్‌సాగర్ నాలుగు గేట్లు ఎత్తివేత" అనేది పేజీలో అలాగే పట్టింది. కానీ దాని కింద సబ్‌హెడ్‌లో "ఔటర్ సర్వీసు రోడ్డుపై రాకపోకలు బంద్" అన్నది రెండు లైన్లు దాటుతోందని పేజీ పెట్టేవాళ్లు 'సర్వీసు రోడ్డు' తీసేశారు. "ఔటర్‌పై రాకపోకలు బంద్" అని మిగిలింది. వెబ్‌సైట్ చూసే డెస్క్ ఆ సబ్‌హెడ్‌నే పెద్ద హెడ్డింగ్‌గా పెట్టింది. వాక్యం వాక్యం గుచ్చి గుచ్చి చూసిన నేను, పేజీ ప్రింటవుట్ వచ్చినప్పుడు కింది మ్యాటర్ మాత్రమే చదివాను. పైన ఉన్నది నేను రాసిందే కదా అని కళ్లు దాటేశాయి.

పదకొండు గంటలకు ల్యాండ్‌లైన్ మోగింది. ఒకాయన గచ్చిబౌలి నుంచి మాట్లాడుతున్నారు. తెల్లవారుజామున శంషాబాద్‌లో ఫ్లైట్, ఇంట్లో పెద్దావిడ వీల్‌చెయిర్‌లో ఉన్నారు. "ఔటర్ మూసేశారని మీ వెబ్‌సైట్లో చూశాం. ఏ దారిన పోవాలి? ఇప్పుడే బయల్దేరాలా?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఫోన్ నేనే ఎత్తాను. ఔటర్ మెయిన్ రోడ్డు తెరిచే ఉందని, మూసింది కింద సర్వీసు రోడ్డు ఒక్కటేనని చెప్పాను. అయినా ఆయన నమ్మకం కోసం ట్రాఫిక్ కంట్రోల్ రూమ్‌కు మళ్లీ ఫోన్ చేసి కనుక్కొని, ఆయనకు తిరిగి చెప్పాను. "థాంక్సమ్మా, మా అమ్మను అర్ధరాత్రి నిద్ర లేపబోతున్నాం" అన్నారు.

సార్‌కు చెప్పేసరికి ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. సిటీ పేజీ ఇంకా ప్లేటుకు వెళ్లలేదు. సబ్‌హెడ్‌ను "ఔటర్ సర్వీసు రోడ్డు మూత" అని మార్చారు, ఒకే లైన్‌లో పట్టింది. వెబ్‌లో హెడ్డింగ్ మార్చి ఊరుకుంటే అప్పటికే చదివినవాళ్లకు తెలియదు. అందుకని వార్త కింద నాతోనే రాయించారు: "సవరణ: ఔటర్ రింగ్ రోడ్డుపై రాకపోకలు నిలిచాయని ఈ వార్త శీర్షికలో మొదట పొరపాటుగా వచ్చింది. మూసింది హిమాయత్‌సాగర్ వద్ద సర్వీసు రోడ్డు మాత్రమే." ఎవరి పొరపాటని ఆయన ఎవరినీ అడగలేదు. నేనే చెప్పాను, ప్రింటవుట్ చూసింది నేనని. "ఇకమీదట పైనుంచి చదువు. హెడ్డింగ్, సబ్‌హెడ్, ఫొటో కింద రైటప్, ఆ తర్వాతే మ్యాటర్. జనం చదివే వరసలోనే" అన్నారు.

హాస్టల్‌కు వెళ్లలేదు ఆ రాత్రి. వాన తగ్గలేదు, డెస్క్‌లోనే కుర్చీలో కూర్చుని కునుకు తీశాను. ఐదున్నరకు లేచేసరికి రిపోర్టర్ అన్న మెసేజ్: గేట్లు ఇప్పుడు ఆరు. గుండె ఝల్లుమంది. అచ్చయిన పేపర్ తీసి చూశాను. "రాత్రి 10 గంటల సమయానికి" అన్న మాట అక్కడే ఉంది. రాయడానికి నాకు బరువుగా అనిపించి, ఒకసారి తీసేసి మళ్లీ పెట్టిన మాట అది.

వెబ్‌కు కొత్త ఐటమ్ కావాలి. నోట్‌బుక్ తెరిచి, పేజీ పైన శుక్రవారం, ఉదయం 5.50 అని రాసి, అదే ఇంజనీర్‌కు ఫోన్ చేశాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తారు. నిద్ర లేని గొంతు. నేను నమస్కారం చెప్పేలోపే ఆయనే మొదలుపెట్టారు.

"రాసుకోమ్మా. ఆరు గేట్లు. ఒక్కోటి వన్ ఫుట్. అవుట్‌ఫ్లో రెండు వేల నలభై. భాగించి చూసుకో."